పావుగంటకోసారి చూస్తే బిల్లెంత?
నో-కోడ్ ఆటోమేషన్‌లో నెల ఖర్చు లెక్క కట్టడం ఎలా?

గూగుల్ ఫామ్ నింపగానే అవతలివాళ్లకు మెయిల్ వెళ్లాలి. యజమాని ఫోన్‌కు మెసేజ్ రావాలి. షీటులో వివరాలు చేరాలి. ఇలాంటి పనులు కోడ్ రాయకుండానే చేసిపెట్టే వేదికలు ఇప్పుడు చాలా ఉన్నాయి. 2011లో మొదలైన జాపియర్ వీటిలో బాగా పేరున్నది. ఒకప్పుడు ఇంటిగ్రోమాట్ అని పిలిచిన చెక్ సంస్థ 2022 నుంచి మేక్ పేరుతో నడుస్తోంది. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లే కాదు, బీకామ్ విద్యార్థి అయినా రెండు వారాలు కూర్చుంటే వీటితో పని కట్టగలడు.

కట్టడం వచ్చాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ‘నెలకు ఎంతవుతుంది బాబూ?’ అని షాపు యజమాని అడుగుతాడు. అక్కడే చాలామంది తడబడతారు. ప్రైసింగ్ పేజీలో కనిపించిన అంకె చెప్పేస్తారు. మూడో నెలలో బిల్లు దానికి రెండింతలు వస్తుంది. నెలకు ఇంత అని ముందే మాట ఇచ్చి ఉంటే ఆ తేడా మన జేబులోంచే పోతుంది. అందుకే ఈ బిల్లు దేని మీద పెరుగుతుందో, దాన్ని ముందే ఎలా లెక్క కట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

దేనికి డబ్బు తీసుకుంటారు?

ఈ వేదికల్లో ప్రతి పనికీ రెండు భాగాలుంటాయి. మొదటిది ట్రిగ్గర్. అంటే ‘కొత్త వరుస వచ్చిందా?’ అని గమనించేది. రెండోది యాక్షన్. అంటే వచ్చాక చేసే పని: మెయిల్ పంపడం, మెసేజ్ పెట్టడం, షీటులో రాయడం వంటివి.

జాపియర్ టాస్కుల లెక్కన బిల్లు వేస్తుంది. విజయవంతంగా పూర్తయిన ఒక్కో యాక్షన్ ఒక్కో టాస్క్. ట్రిగ్గర్‌కు టాస్క్ పడదు. ఫిల్టర్‌కూ పడదు.

మేక్ లెక్క వేరు. అక్కడ ఒక్కో గుండ్రటి బొమ్మను మాడ్యూల్ అంటారు. మాడ్యూల్ ఒకసారి పనిచేస్తే ఒక ఆపరేషన్. 2025 ఆగస్టు నుంచి దీన్ని క్రెడిట్ల రూపంలో లెక్కిస్తున్నారు. మామూలు మాడ్యూళ్లకు ఒక ఆపరేషన్ అంటే ఒక క్రెడిట్టే. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ట్రిగ్గర్ కూడా ఒక మాడ్యూలే. అది వెళ్లి చూసొచ్చిన ప్రతిసారీ క్రెడిట్ ఖర్చవుతుంది. కొత్తగా ఏమీ దొరక్కపోయినా సరే.

ఇలా మళ్లీ మళ్లీ వెళ్లి చూసిరావడాన్నే పోలింగ్ అంటారు. దీన్ని మన భాషలో చెప్పుకుందాం. బస్టాండులోని కార్గో కౌంటర్‌కు మీకో పార్సిల్ రావాల్సి ఉందనుకోండి. పావుగంటకోసారి కుర్రాడిని పంపి ‘వచ్చిందా?’ అని అడిగించొచ్చు. లేదంటే ‘రాగానే ఫోన్ చెయ్యండి’ అని కౌంటర్‌లో నంబరు ఇచ్చి రావచ్చు. మొదటిది పోలింగ్. రెండోది వెబ్‌హుక్. మేక్‌లో కుర్రాడు ఖాళీ చేతులతో వచ్చినా ఆటో చార్జీ ఇవ్వాలి. జాపియర్‌లో చేరవేసిన పార్సిళ్లకే కూలి. కాకపోతే కుర్రాడు ఎన్ని నిమిషాలకోసారి వెళ్లాలన్నది మీరు తీసుకున్న ప్లాన్‌ను బట్టి ఉంటుంది. ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలకోసారి, ప్రొఫెషనల్‌లో 2 నిమిషాలకోసారి, టీమ్ ప్లాన్‌లో నిమిషానికోసారి చూస్తుంది.

అంటే జాపియర్‌లో వేగం ప్లాన్ ధరలో కలిసిపోయి ఉంటుంది. మేక్‌లో వేగానికి విడిగా, చూసిన ప్రతిసారీ కట్టాలి.

ఆత్మకూరు లెక్క

నంద్యాల జిల్లా ఆత్మకూరులో ఒక కోచింగ్ సెంటర్ ఉందని ఊహించుకుందాం. చుట్టుపక్కల పల్లెల నుంచి, శ్రీశైలం దారిలోని ఊళ్ల నుంచి పిల్లలు గూగుల్ ఫామ్‌లో వివరాలు పంపుతారు. మామూలు నెలల్లో రోజుకు సగటున 6 ఎంక్వైరీలు. నెలకు 180. ఒక్కో ఎంక్వైరీకి మూడు పనులు జరగాలి: విద్యార్థికి మెయిల్, యజమానికి టెలిగ్రామ్ మెసేజ్, షీటులో ‘మెయిల్ వెళ్లిన సమయం’ నమోదు.

ముందు జాపియర్ చూద్దాం. 180 ఎంక్వైరీలను 3 యాక్షన్లతో గుణిస్తే 540 టాస్కులు. ఉచిత ప్లాన్‌లో నెలకు 100 టాస్కులే. పైగా అందులో ఒక ట్రిగ్గర్, ఒక యాక్షన్ మాత్రమే పెట్టుకోవచ్చు. కాబట్టి 750 టాస్కుల ప్రొఫెషనల్ ప్లాన్ కావాలి. ఇది రాసేటప్పటికి నెలనెలా కడితే దాని ధర 29.99 డాలర్లు, ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 19.99 డాలర్లు పడుతుంది. లెక్క సులువుగా ఉండటానికి డాలరును 90 రూపాయలు అనుకుంటే నెలకు దాదాపు 2,700 రూపాయలు. బ్యాంకు వేసే విదేశీ కరెన్సీ చార్జీ, పన్ను దీనికి అదనం. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి కొటేషన్ ఇచ్చే రోజు ప్రైసింగ్ పేజీ మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు మేక్. షీటును గమనించే మాడ్యూల్ పేరు Watch New Rows. దాన్ని 15 నిమిషాలకోసారి చూడమని పెడితే గంటకు 4 సార్లు, రోజుకు 96 సార్లు, 30 రోజులకు 2,880 సార్లు వెళ్తుంది. ఒక్క ఎంక్వైరీ రాకపోయినా ఆ 2,880 క్రెడిట్లు పోతాయి. అసలు పనికి 540. మొత్తం 3,420. అంటే నూటికి 84 వంతులు ‘వచ్చిందా?’ అని అడగడానికే! మేక్ ఉచిత ప్లాన్‌లో నెలకు 1,000 క్రెడిట్లే ఉంటాయి. తొమ్మిదో రోజుకే అవి అయిపోయి సినారియో ఆగిపోతుంది.

‘పావుగంట ఆలస్యం ఎందుకు, నిమిషానికోసారి పెట్టు’ అని యజమాని అన్నాడనుకోండి. 10,000 క్రెడిట్ల కోర్ ప్లాన్‌లో అలా పెట్టుకునే వీలుంది. కానీ రోజుకు 1,440 సార్లు చూడాలి. దానికి ఆ రోజు వచ్చిన ఎంక్వైరీల పని 18 క్రెడిట్లు కలిపితే 1,458. పదివేలూ ఏడో రోజుకు ఖాళీ. ప్లాన్‌లో ‘నిమిషానికోసారి’ అని రాసి ఉండటం వేరు, ఆ ప్లాన్ క్రెడిట్లతో నెలంతా నిమిషానికోసారి నడపగలగడం వేరు.

ఈ లెక్కలన్నీ మూడు వరుసల్లోకి వస్తాయి. నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

```
Zapier:        tasks   = events × actions
Make, polling: credits = checks + events × actions
Make, webhook: credits = events × (1 + actions)
```

ఇందులో `events` అంటే నెలలో వచ్చే ఎంక్వైరీలు. `checks` అంటే నెలలో ఎన్నిసార్లు వెళ్లి చూస్తుందో ఆ సంఖ్య.

ఫోన్ చేయించుకుంటే

మూడో వరుస చూడండి. వెబ్‌హుక్ పెడితే ఖాళీ తిరుగుడు ఉండదు. ఎంక్వైరీ వస్తేనే సినారియో కదులుతుంది. ట్రిగ్గర్‌కు 1, యాక్షన్లకు 3, మొత్తం 4. 180 ఎంక్వైరీలకు 720 క్రెడిట్లు. ఇది ఉచిత ప్లాన్‌లోనే సరిపోతుంది! పైగా విద్యార్థికి మెయిల్ పావుగంట తర్వాత కాదు, కొన్ని సెకన్లలో వెళ్తుంది. తక్కువ ఖర్చు, ఎక్కువ వేగం రెండూ ఒకేసారి దొరికే చోటు ఇది.

గూగుల్ ఫామ్‌ను ఇలా ‘ఫోన్ చేసేలా’ మార్చడానికి కొంచెం యాప్స్ స్క్రిప్ట్ చాలు. ఫామ్ జవాబులు చేరే షీటు తెరిచి, Extensions మెనూలో Apps Script నొక్కి, ఇది అతికించాలి. మొదటి వరుసలో మేక్ ఇచ్చిన వెబ్‌హుక్ చిరునామా పెట్టాలి.

```javascript
const WEBHOOK_URL = "మీ వెబ్‌హుక్ చిరునామా";

function onSubmit(e) {
  UrlFetchApp.fetch(WEBHOOK_URL, {
    method: "post",
    contentType: "application/json",
    payload: JSON.stringify(e.namedValues)
  });
}
```

తర్వాత ఎడమ పక్కన Triggers లోకి వెళ్లి, ఈ ఫంక్షన్‌ను From spreadsheet, On form submit అని కలపాలి. ఈ మెట్టు మరిచిపోతే కోడ్ ఉన్నా కదలదు. ఇంకో చిన్న సంగతి. `namedValues` లో ఒక్కో ప్రశ్నకు జవాబు జాబితా రూపంలో వస్తుంది. కాబట్టి మేక్‌లో కలిపేటప్పుడు ఆ జాబితాలోని మొదటి విలువను తీసుకోవాలి. ఆ చిరునామాను ఎవరికీ ఇవ్వకండి. అది తెలిసినవాళ్లు ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు మీ క్రెడిట్లు పోతాయి.

అన్ని చోట్లా వెబ్‌హుక్కే చవకా? కాదు. పోలింగ్‌లో ఒకసారి వెళ్తే అప్పటిదాకా పోగైన వరుసలన్నీ ఒకేసారి తేవచ్చు. ట్రిగ్గర్‌కు ఒక్క క్రెడిట్టే పడుతుంది. వెబ్‌హుక్‌లో ప్రతి ఎంక్వైరీకీ ట్రిగ్గర్ క్రెడిట్ విడిగా పడుతుంది. 15 నిమిషాల పోలింగ్ నెల ఖర్చు 2,880 కాబట్టి, నెలకు ఎంక్వైరీలు 2,880 దాటితే పోలింగే చవక. ఆత్మకూరు సెంటర్‌కు ఆ స్థాయి రాదు. ఆర్డర్లు వేలల్లో వచ్చే ఆన్‌లైన్ దుకాణానికి మాత్రం ఈ పోలిక వేసి చూడాలి.

వెబ్‌హుక్ కుదరని యాప్‌లూ ఉంటాయి. అప్పుడు చూసే వేళలు తగ్గించుకోవచ్చు. అర్ధరాత్రి రెండింటికి ఎంక్వైరీ వచ్చిందని ఆ నిమిషంలోనే తెలిసి యజమాని చేసేదేముంది? ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకే పావుగంటకోసారి చూడమంటే రోజుకు 60 సార్లు, నెలకు 1,800. రోజంతా చూడటంతో పోలిస్తే 1,080 క్రెడిట్లు మిగిలాయి. అయితే ఇలాంటి చోట Watch మాడ్యూల్‌లో Limit అనే గడిని తప్పకుండా చూడాలి. అందులో 2 అని ఉంటే ఒక్కో విడతలో రెండు వరుసలే తెస్తుంది. రాత్రి వచ్చిన పది ఎంక్వైరీలు ఉదయం పావుగంటకు రెండు చొప్పున బయటికొస్తాయి. చివరి విద్యార్థికి మెయిల్ వెళ్లేసరికి ఎనిమిదవుతుంది.

జూన్ నెల వస్తే

సగటు నెల చూసి ధర చెబితే సరిపోదు. అడ్మిషన్ల జూన్‌లో అదే సెంటర్‌కు రోజుకు 20 ఎంక్వైరీలు వచ్చాయనుకుందాం. నెలకు 600.

జాపియర్‌లో అది 1,800 టాస్కులు. ప్లాన్‌లో ఉన్నవి 750. మిగతా 1,050 ఏమవుతాయి? అదనపు టాస్కులకు విడిగా చెల్లించే సౌకర్యం ఆన్‌లో ఉంటే, ఒక్కో టాస్కును ప్లాన్ రేటుకు 1.25 రెట్లు వేసి బిల్లులో కలుపుతారు. 29.99 డాలర్లను 750తో భాగిస్తే టాస్కుకు 4 సెంట్లు. దానికి 1.25 రెట్లు అంటే 5 సెంట్లు. 1,050 టాస్కులకు 52.50 డాలర్లు. ప్లాన్ ధరతో కలిపి దాదాపు 82.50 డాలర్లు. మన లెక్కలో 7,400 రూపాయల పైమాటే. మే నెలలో 2,700 కట్టిన యజమానికి జూన్‌లో ఈ అంకె కనిపిస్తే మిమ్మల్నే అడుగుతాడు. ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉంటే బిల్లు పెరగదు, కానీ పరిమితి దాటాక పనులు ఆగిపోతాయి. అడ్మిషన్ల మధ్యలో మెయిళ్లు ఆగడం ఇంకా పెద్ద నష్టం. అందుకే సీజన్‌కు ముందే పై శ్లాబు ధర చూసి, అదనపు రేటుతో పోల్చుకోవాలి.

మేక్‌లో వెబ్‌హుక్‌తో 600 ఎంక్వైరీలకు 2,400 క్రెడిట్లు. ఉచిత ప్లాన్ చాలదు. ఆ నెలకు కోర్ తీసుకుంటే 10.59 డాలర్లు, అంటే సుమారు 950 రూపాయలు. ఈ ఒక్క ఉదాహరణ చూసి ఎప్పుడూ మేకే మేలు అనుకోవద్దు. జాపియర్‌లో కలిసే యాప్‌లు ఎక్కువ, నేర్చుకోవడమూ తేలిక. మీ క్లయింట్ వాడే యాప్ ఏది, నెలలో ఎన్ని సంఘటనలు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఎన్‌ఎయిట్‌ఎన్ అనే మరో వేదిక దారి వేరు. దాని క్లౌడ్‌లో వర్క్‌ఫ్లో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిస్తే ఒక ఎగ్జిక్యూషన్. లోపల మూడు మెట్లున్నా ముప్పై మెట్లున్నా లెక్క ఒకటే. మెట్లు ఎక్కువ, సంఘటనలు తక్కువ ఉన్న పనికి అది నప్పుతుంది. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఎగ్జిక్యూషన్లకు ధర ఉండదు. కానీ సర్వర్ అద్దె, అప్‌డేట్లు, బ్యాకప్ మన నెత్తినే ఉంటాయి.

బిల్లు ఎక్కడ కారుతోంది?

అంచనా సరిగ్గానే వేసినా బిల్లు పెరగడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి.

మొదటిది తనను తానే తట్టుకునే వలయం. మన ఉదాహరణలో మూడో యాక్షన్ షీటులో ‘మెయిల్ వెళ్లిన సమయం’ రాస్తుంది. ట్రిగ్గర్‌గా ‘కొత్త వరుస’ ఎంచుకుంటే ఇబ్బంది లేదు. ‘కొత్త లేదా మారిన వరుస’ ఎంచుకుంటే? సమయం రాయడమే ఒక మార్పు. ఆ మార్పు చూసి ట్రిగ్గర్ మళ్లీ కదులుతుంది. మళ్లీ మెయిల్, మళ్లీ మెసేజ్, మళ్లీ కొత్త సమయం. రెండు నిమిషాలకోసారి ఇలా తిరిగితే గంటకు 30 చుట్లు, 90 టాస్కులు. 750 టాస్కుల ప్లాన్ తొమ్మిది గంటలు కూడా నిలవదు. పాపం ఆ విద్యార్థికి రాత్రంతా మెయిళ్లే!

దీన్ని పసిగట్టడం కష్టం కాదు. హిస్టరీలో ఒకే పేరు, ఒకే ఫోన్ నంబరు సమాన విరామాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే వలయమే. ‘మెయిల్ వెళ్లిన సమయం’ గడి ఖాళీగా ఉంటేనే ముందుకు వెళ్లమని ట్రిగ్గర్ పక్కనే ఫిల్టర్ పెడితే ఆగిపోతుంది. లేదా ఆ సమయాన్ని వేరే షీటులో రాయాలి.

రెండోది ఫిల్టర్‌ను ఆలస్యంగా పెట్టడం. సెంటర్‌లో 120 మంది విద్యార్థులు, వారిలో 15 మంది ఫీజు కట్టాలి అనుకుందాం. రోజూ ఉదయం వాళ్లకు గుర్తు చేయాలి. మేక్‌లో మొదట షీటును వెతుకుతాం. దానికి 1 క్రెడిట్. 120 వరుసలు వస్తాయి. ఇక అక్కడి నుంచి తర్వాతి మాడ్యూల్ ఒక్కో వరుసకూ ఒకసారి పనిచేస్తుంది. విద్యార్థి పూర్తి వివరాలు తెచ్చే మాడ్యూల్‌కు 120. ఆ తర్వాత ఫిల్టర్ పెట్టి 15 మందికి మెయిల్ పంపితే 15. మొత్తం రోజుకు 136. నెలకు 4,080.

అదే ఫిల్టర్‌ను వెతికిన వెంటనే పెడితే? వెతకడానికి 1, వివరాలకు 15, మెయిళ్లకు 15. రోజుకు 31, నెలకు 930. మాడ్యూళ్లు అవే, పంపిన మెయిళ్లూ అవే. ఫిల్టర్ ఒక అడుగు ముందుకు జరిగిందంతే. ఫిల్టర్‌కు క్రెడిట్ పడదు కానీ, దానికి ముందు నడిచిన ప్రతి మాడ్యూల్‌కూ పడుతుంది. అందుకే వడపోత ఎంత ముందుంటే అంత లాభం.

మేక్ హిస్టరీలో ఒక్కో నడకకు ఎన్ని క్రెడిట్లు పోయాయో కనిపిస్తుంది. వరుసగా ఒకటి, ఒకటి, ఒకటి అని ఉంటే ఖాళీ పోలింగ్. ఒక్కసారిగా వందల్లో కనిపిస్తే వరుసల గుణకారం. ఈ రెండు గుర్తులూ తెలిస్తే ఎవరో కట్టిన సినారియోలో కూడా కారే చోటు పది నిమిషాల్లో పట్టుకోవచ్చు.

కొటేషన్‌లో ఏం రాయాలి?

క్లయింట్‌కు ధర చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగండి. నెలకు ఎన్ని ఎంక్వైరీలు? రద్దీ నెలలో ఎన్ని? వచ్చాక ఎంతసేపట్లో స్పందించాలి? మూడోదానికి చాలామంది ‘వెంటనే’ అంటారు. ‘పావుగంట ఆగితే నష్టమా?’ అని మళ్లీ అడగండి. ఆ జవాబుతోనే పోలింగ్ విరామం తేలుతుంది. నిమిషానికీ పావుగంటకూ మధ్య నెలకు 40,320 క్రెడిట్ల తేడా ఉంది మరి.

కొటేషన్‌లో మీ పనికి కూలి వేరు, వేదిక బిల్లు వేరు అని రెండు వరుసలుగా రాయండి. వేదిక ఖాతాను క్లయింట్ మెయిల్‌తో, వారి కార్డుతోనే తెరిపించండి. ‘నెలకు 180 ఎంక్వైరీలు, ఒక్కోదానికి మూడు యాక్షన్లు, ఇంత దాటితే ప్లాన్ మారుతుంది’ అని ఒక వాక్యం కలపండి. అప్పుడు జూన్ బిల్లు పెరిగినా అది ముందే చెప్పిన లెక్కే అవుతుంది, గొడవ కాదు.

ఆటోమేషన్ ఉద్యోగాల ఇంటర్వ్యూలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ‘రోజుకు 200 ఆర్డర్లు, ఐదు మెట్లు, ఏ ప్లాన్ తీసుకుంటావు?’ అని అడిగితే వెంటనే వేదిక పేరు చెప్పకండి. ముందు 200ను 30తో, తర్వాత 5తో గుణించండి. 30,000. జాపియర్ అయితే టాస్కులు అన్నే. మేక్‌లో వెబ్‌హుక్ పెడితే 36,000, ఐదు నిమిషాల పోలింగ్ అయితే 8,640 కలిపి 38,640, పావుగంట పోలింగ్ అయితే 32,880. ‘ఆర్డరుకు ఎంత ఆలస్యం ఓర్చుకోగలరు సార్?’ అని మీరే తిరిగి ప్రశ్న వేయండి. దానికి వచ్చే జవాబును బట్టి ఈ అంకెల్లో ఏది సరైందో చెప్పొచ్చు.